పొట్ట మారకుండా బట్ట మార్చడం: ఏడో నెల గర్భిణి ఫొటోపై డ్రెస్ ప్రివ్యూ

ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేవాళ్ల కోసం ట్రై-ఆన్ ప్రివ్యూలు తయారు చేయడం నా పని. కొనేవాళ్లు తమ ఫొటో పంపుతారు, డ్రెస్ ఫొటో అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. రెండూ కలిపి, ఆ మనిషి మీద ఆ డ్రెస్ ఎలా ఉంటుందో చూపించే బొమ్మ నేను తయారు చేస్తాను. మామూలు బట్టలకు ఇది చాలాకాలంగా చేస్తున్నాను. మెటర్నిటీ బట్టలకు చేసిన మొదటి పెద్ద పని ఇది. ఇందులో తప్పులు ఎక్కడ జరిగాయో, వాటిని ఎలా పట్టుకున్నామో రాసిపెడుతున్నాను. ఈ ప్రివ్యూ అడిగిన గర్భిణి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, ఫొటోలు కూడా ఇవ్వడం లేదు.

నేపథ్యం

ఆమెకు అప్పుడు 29 వారాలు. రెండు డ్రెస్సులు ఎంచుకుంది. ఒకటి ఒంటికి అతుక్కునే చారల నిట్ డ్రెస్, ఆఫీసుకి. రెండోది ఛాతీ కింద కుట్టు ఉండి, అక్కడి నుంచి వదులుగా జారే పొడవు గౌను. రెండు ఫొటోలు పంపింది, ఒకటి పక్కనుంచి, ఒకటి ఎదురుగా. రెండింట్లోనూ నల్ల టీషర్ట్, నల్ల లెగింగ్స్ వేసుకుంది. పక్క ఫొటోలో ఒక చెయ్యి పొట్ట కింద ఆనించి ఉంది.

ఆమె అడిగింది ఒక్కటే. "నా పొట్ట ఎంత ఉందో అంతే కనపడాలండీ. తగ్గించొద్దు, పెంచొద్దు." అప్పటికే వేరేచోట ఒక ప్రివ్యూ చూసి, అది నమ్మి ఒక డ్రెస్ కొని, వెనక్కి పంపాల్సి వచ్చిందట.

మొదటి బొమ్మ

మా దగ్గరున్న పద్ధతి అందరూ వాడేదే. ఫొటోలో మెడ నుంచి తొడల దాకా ఉన్న భాగాన్ని మాస్క్‌తో కప్పేస్తాం. పాత బట్ట ఆనవాళ్లు మిగలకూడదని ఈ మాస్క్‌ని కావాలనే వెడల్పుగా గీస్తాం. ఒంటి భంగిమ చెప్పే ఒక గైడ్‌నీ, కొత్త డ్రెస్ ఫొటోనీ బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కి ఇస్తే, మాస్క్ లోపలి భాగాన్ని అది కొత్తగా గీస్తుంది.

వచ్చిన బొమ్మ చూడ్డానికి చాలా బాగుంది. బట్ట నేత, చారలు, నీడలు, అన్నీ కుదిరాయి. మొదటి చూపులో నేనూ ఓకే అనుకున్నాను. ఆమెకు పంపగానే జవాబొచ్చింది. "బాగుంది కానీ ఇది నా పొట్ట కాదండీ. ఇది నా అయిదో నెల."

అప్పుడు కొలిచాను. పక్క ఫొటోలో పొట్ట బాగా ముందుకొచ్చిన చోట, ముందు అంచు నుంచి వీపు అంచు దాకా అడ్డంగా 214 పిక్సెళ్లు. అదే ఫొటోలో తల ఎత్తు, నెత్తి నుంచి గడ్డం దాకా, 131 పిక్సెళ్లు. తల మాస్క్‌కి బయట ఉంటుంది కాబట్టి దాన్ని మోడల్ మార్చలేదు. అందుకే తలనే కొలబద్దగా పెట్టుకున్నాను. అసలు ఫొటోలో పొట్ట లోతు తలకు 1.63 రెట్లు. ప్రివ్యూలో 181 పిక్సెళ్లు, అంటే 1.38 రెట్లు. పదిహేను శాతం తగ్గింది. ఆమె కంటితో చూసి చెప్పింది నిజమే.

కారణం మాస్క్‌లోనే ఉంది. పొట్ట మొత్తాన్ని కప్పేశాక, అక్కడ పొట్ట ఉందని మోడల్‌కి చెప్పే ఆధారం దాదాపు మిగలదు. భంగిమ గైడ్ భుజాలు, మోచేతులు, తుంట్లు, మోకాళ్లు ఎక్కడున్నాయో చెబుతుంది. పొట్ట కీలు కాదు కదా, దానికి అందులో చోటే లేదు. మిగిలిన ఖాళీని మోడల్ తనకు అలవాటైన ఒంటితో నింపుతుంది. అది నేర్చుకున్నదంతా బట్టల దుకాణాల ఫొటోల్లోంచి. వాటిలో ఉండేది ఎక్కువగా సన్నటి అమ్మాయిలు. మోడల్ పొట్టని కావాలని తగ్గించిందని అనలేం, మనమే దానికి పొట్ట కనపడకుండా చేశాం. ఈ తేడా తెలిస్తేనే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

తప్పిన ప్రయత్నం

ముందుగా నాకు తోచింది సులువైన దారి. ఏం గీయాలో మోడల్‌కి మాటల్లో చెప్పే ప్రాంప్ట్‌లో `pregnant woman, third trimester` అని చేర్చాను. పొట్ట వచ్చింది, కానీ ఆమెది కాదు. ఈసారి 239 పిక్సెళ్లు, అసలు కన్నా దాదాపు పన్నెండు శాతం ఎక్కువ. ఆకారం కూడా మారిపోయింది. ఆమె పొట్ట కాస్త కిందికి, వెడల్పుగా ఉంటుంది. బొమ్మలో బంతిలా గుండ్రంగా, పైకి వచ్చింది. బొమ్మ ప్రతిసారీ వేరుగా రావడానికి కారణమయ్యే సీడ్ నంబరు మార్చి మళ్లీ నడిపితే ఇంకో సైజు వచ్చింది. ఇంకోసారి నడిపితే మరో సైజు.

మాట చెప్పేది ఒక రకాన్ని. ఫలానా మనిషి ఒంటి కొలతని మాటతో చెప్పలేం. `slightly smaller belly` లాంటి మాటలు చేర్చి సర్దుబాటు చేద్దామని ఒక పూట కూర్చున్నాను. ఒక బొమ్మలో 214కి దగ్గరగా వచ్చింది కూడా. కానీ అది వచ్చిన అంకెని నేను ఏరుకోవడమే తప్ప, ఆమె పొట్టని కాపాడడం కాదు. రెండో డ్రెస్‌కి అదే ప్రాంప్ట్ వాడితే మళ్లీ తేడా కొట్టింది. అక్కడితో ఆ దారి వదిలేశాను.

ఎదురు ఫొటో

పక్క ఫొటోలో తప్పు పట్టడం తేలిక, పొట్ట అంచు కళ్లెదుటే ఉంటుంది. ఎదురు ఫొటోలో నేను మోసపోయాను.

అసలు ఫొటోనీ, ప్రివ్యూనీ ఒకదాని మీద ఒకటి పెట్టి అవుట్‌లైన్ పోల్చాను. రెండూ దాదాపు కలిసిపోయాయి. సరే, ఎదురు ఫొటోకి సమస్య లేదనుకున్నాను. తర్వాత పెద్దది చేసి చూస్తే డ్రెస్ మీది అడ్డచారలు కనిపించాయి. ఛాతీ కింద నుంచి తొడల దాకా అవి గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ముందుకొచ్చిన పొట్ట మీద అడ్డచార తిన్నగా ఉండదు. పొట్ట ఎత్తు ఉన్నచోట చారలు ఎడంగా జరుగుతాయి, మధ్యలో వంగుతాయి, పక్కలకు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. ఇక్కడ అవేమీ లేవు. అంచులు సరిగ్గా ఉండి, మధ్యలో పొట్ట పలకలా చదునైపోయింది.

ఎదురు నుంచి చూస్తే చాలామంది గర్భిణుల నడుము వెడల్పు అంతగా మారినట్టు కనిపించదు. పొట్ట పెరిగేది మనవైపుకి. ఆ పెరుగుదల ఫొటోలో అంచుల్లో ఉండదు, నీడలోనూ బట్ట వంపులోనూ ఉంటుంది. కాబట్టి ఎదురు ఫొటోలో అవుట్‌లైన్ కలిసినంత మాత్రాన పొట్ట అలాగే ఉందని అనలేం. నాకు తెలిసి ఈ పనిలో ఎక్కువమంది జారేది ఇక్కడే.

చారల డ్రెస్ కావడం అదృష్టం. ఒకే రంగు డ్రెస్ అయ్యుంటే నాకు తెలిసేది కాదు. అప్పటి నుంచి కొనేవాళ్లు ఏ డ్రెస్ ఎంచుకున్నా, అదే సెట్టింగులతో ముందు ఒక చారల డ్రెస్ వేసి చూస్తాను. అది ఎవరికీ పంపను, నా పరీక్షకు మాత్రమే. చారలు పొట్ట మీద వంగితే సెట్టింగులు పొట్టని చూస్తున్నట్టు, తిన్నగా ఉంటే చూడనట్టు.

ఏం మార్చాం

పొట్టని మోడల్‌కి కనపడేలా చేయాలి. అందుకు డెప్త్ మ్యాప్ ఎంచుకున్నాను. అసలు ఫొటోలో ఏ భాగం కెమెరాకి దగ్గర, ఏది దూరం అని బూడిదరంగు ఛాయల్లో చెప్పే బొమ్మ అది. దాన్ని కంట్రోల్‌నెట్ అనే అదనపు భాగం ద్వారా ఇస్తే, మాస్క్ కప్పిన చోట కూడా ఒంటి ఎత్తుపల్లాలు మోడల్‌కి అందుతాయి. ఒంటిని త్రీడీ బొమ్మగా మార్చి ఇచ్చే దారి కూడా చూశాను. ఆ బొమ్మల్లో ఒంటి ఆకారాన్ని కొద్ది అంకెలతోనే చెప్పాలి. పొట్ట ఒక్కటే పెరిగిన ఒంటిని ఆ అంకెలు పట్టుకోలేకపోయాయి, తొడలనీ నడుమునీ కూడా లావు చేసేశాయి. అందుకే దాన్ని పక్కనపెట్టాను.

డెప్త్ మ్యాప్ తీసి చూస్తే ఇంకో చిక్కు. పక్క ఫొటోలో బాగానే వచ్చింది. ఎదురు ఫొటోలో మాత్రం పొట్ట దగ్గర ఛాయ అంతా ఒకేలా ఉంది. నల్ల బట్ట మీద నీడలు కనపడవు కాబట్టి ఎత్తు అంచనా వేయడానికి ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏమీ దొరకలేదు. మూలంలోనే లేని సమాచారాన్ని ఏ సెట్టింగూ తేలేదు. మొహమాటపడుతూనే ఆమెను మళ్లీ ఫొటో అడిగాను. లేత రంగు, ఏ డిజైనూ లేని, ఒంటికి అతుక్కునే బట్ట, వెలుతురు ఒక పక్కనుంచి, కెమెరా పొట్ట ఎత్తులో, కనీసం రెండు మీటర్ల దూరం. ఫోన్‌ని దగ్గరగా పెట్టి తీస్తే ముందుకొచ్చిన పొట్ట అసలు కన్నా పెద్దగా పడుతుంది, ఆ తప్పు ప్రివ్యూలోకీ వస్తుంది. ఆమె విసుక్కోకుండా ఆ రోజే పంపింది.

కొత్త ఫొటోతో డెప్త్ మ్యాప్‌లో పొట్ట గుండ్రంగా తేలింది. ఫ్రేమూ దూరమూ కొంచెం మారినందుకు తల ఎత్తు మళ్లీ 131కి వచ్చేలా సైజు సరిచేసి పక్క ఫొటోని కొలిస్తే, పొట్ట లోతు అదే 214 వచ్చింది. కొలత నమ్మదగ్గదేనని ధైర్యం వచ్చింది.

రెండో మార్పు మాస్క్‌లో. వెడల్పు మాస్క్ బదులు పాత బట్ట ఉన్నంత మేరే కత్తిరించాను. నిట్ డ్రెస్ ఎలాగూ ఒంటిని దాటి బయటికి రాదు కాబట్టి వెనక గోడని ముట్టుకోవాల్సిన పనే లేదు. పొట్ట కింద ఉన్న చేతిని మాస్క్‌లోంచి తీసేశాను, లేకపోతే మోడల్ వేళ్లని కూడా కొత్తగా గీస్తుంది. అప్పుడు ఆరో వేలు ఎక్కడొస్తుందో అని టెన్షన్.

మూడోది నేను ఊహించనిది. ఇంత చేసినా పొట్ట మధ్యలో సన్నటి నొక్కు వస్తూనే ఉంది, తాడు కట్టినట్టు. డ్రెస్ ఫొటో తెరిచి చూస్తే అర్థమైంది. అమ్మేవాళ్లు దాన్ని సన్నటి షాపు బొమ్మకి తొడిగి, నడుము దగ్గర బెల్టు బిగించి ఫొటో తీశారు. డ్రెస్ అంటేనే నడుము దగ్గర నొక్కు ఉండాలని మోడల్ అనుకుంది. బెల్టు తీసి, నేలమీద పరిచి తీసిన ఫొటో తెప్పించుకున్నాం. నొక్కు పోయింది.

ఈసారి పక్క ఫొటోలో 211 పిక్సెళ్లు. ఈ మోడళ్లు బొమ్మని ఎనిమిది పిక్సెళ్ల గడులుగా కుదించి పనిచేస్తాయి కాబట్టి అంచు దగ్గర మూడు పిక్సెళ్ల తేడాని వాటితోనే సరిచేయలేం. మాస్క్ బయటి భాగాన్ని అసలు ఫొటోలోంచి పూర్తి రిజల్యూషన్‌లో తిరిగి అతికించాం. ఎదురు ఫొటోలో చారలు పొట్ట మీద వంగాయి.

వదులు గౌను

గౌనుకి పై లెక్క చెల్లదు. వదులు బట్ట ఒంటికి దూరంగా వేలాడుతుంది కాబట్టి అవుట్‌లైన్ మారడమే సరైనది. అలాంటప్పుడు పొట్ట మారలేదని దేన్ని బట్టి చెప్పాలి?

కాసేపు ఆలోచిస్తే ఒక్కవైపు నియమం దొరికింది. బట్ట ఒంటిని దాటి బయటికి వెళ్లొచ్చు, ఒంటి లోపలికి మాత్రం రాకూడదు. అసలు ఫొటోలో ఒళ్లు ఉన్న ప్రతి పిక్సెల్ దగ్గర, ప్రివ్యూలో కూడా మనిషో బట్టో ఉండాలి. అక్కడ గోడ కనిపించిందంటే ఒంటిని కోసినట్టే. దీన్ని లెక్కగా రాస్తే:

```python
band = slice(y_bust, y_hip)   # ఛాతీ కింద నుంచి తుంటి దాకా
lost = (body[band] & ~result[band]).sum() / body[band].sum()
```

`body` అంటే అసలు ఫొటోలో మనిషి ఆకారం, `result` అంటే ప్రివ్యూలోది. మొదట్లో ఈ లెక్క మొత్తం ఒంటికి వేశాను. మొదటి రోజు పొట్ట తగ్గిన ఆ బొమ్మకి వేసి చూస్తే రెండు శాతం నష్టం మాత్రమే చూపించింది. కాళ్లు, చేతులు, తల ఏమీ మారలేదు కాబట్టి సగటులో పొట్ట మునిగిపోయింది. ఛాతీ నుంచి తుంటి దాకా ఉన్న పట్టీకే పరిమితం చేస్తే అదే బొమ్మకి తొమ్మిది శాతం దాటింది. ఇప్పుడు ఆ పట్టీలో ఒక శాతం దాటితే బొమ్మని పంపను.

ఈ నియమం పొట్ట తగ్గితే పట్టుకుంటుంది, పెరిగితే పట్టుకోదు. వదులు గౌనులో బట్ట ఉబ్బిందో పొట్టే ఉబ్బిందో అంకెలు చెప్పలేవు. దానికి కన్ను కావాలి. గౌను పొట్ట మీద ఆనే చోటు, అంటే బాగా ముందుకొచ్చిన బిందువు, అసలు ఫొటోలో ఏ ఎత్తులో ఉందో అక్కడే ఉండాలి. బట్ట అక్కడి నుంచి నిలువుగా కిందికి వేలాడాలి, మళ్లీ లోపలికి వంగకూడదు. ముందు అంచు వెనక అంచు కన్నా కాస్త పైకి లేవాలి, ఎందుకంటే ముందువైపు బట్టలో కొంత పొట్ట మీదుగా ఎక్కి దిగడానికే సరిపోతుంది. మా మొదటి గౌను బొమ్మలో అంచు నేలకి సమాంతరంగా ఉంది. పొట్ట ఎంత బాగా వచ్చినా, ఆ తిన్నటి అంచు వల్ల అది దిండు కట్టుకున్నట్టు అనిపించింది. డెప్త్ గైడ్‌ని గీయడం పూర్తయ్యేదాకా ఉంచకుండా చివరి నాలుగో వంతులో వదిలేస్తే, మడతలు సహజంగా పడ్డాయి, అంచు కూడా లేచింది. అంతకన్నా ముందే వదిలేస్తే పొట్ట మళ్లీ కరగడం మొదలైంది.

గౌనుకి మాస్క్‌ని గోడ మీదికి కూడా విస్తరించక తప్పలేదు. ఆమె వెనక తలుపు అంచు నిలువు గీతలా ఉండటం మేలైంది. ప్రివ్యూలో ఆ గీత పొట్ట పక్కన వంగిందా తెగిందా అని చూస్తే, మోడల్ అక్కడ ఏమైనా సాగదీసిందేమో తెలిసిపోతుంది.

ఆమె అడిగిన ఇంకో రెండు

రెండు బొమ్మలూ చూసి, "ఇప్పుడిది నేనే" అంది. తర్వాత అడిగింది, తొమ్మిదో నెలలో ఎలా ఉంటుందో కూడా చూపించగలరా అని. చూపించలేనని చెప్పాను. బొమ్మ గీయడం కష్టమై కాదు. ఆమె పొట్ట ఎటు పెరుగుతుందో, చివరి వారాల్లో బిడ్డ కిందికి దిగితే ఆకారం ఎలా మారుతుందో నా దగ్గర ఆధారం లేదు. అలాంటి బొమ్మ ఇస్తే, మొదటి రోజు మోడల్ చేసిన పనే నేను చేసినట్టవుతుంది. ప్రతి ప్రివ్యూ కింద ఫొటో తీసిన రోజు ఆమెకు ఎన్ని వారాలో రాసి ఇస్తున్నాం. నాలుగు వారాలు దాటితే కొత్త ఫొటో అడుగుతున్నాం.

రెండోది, ఈ సైజు సరిపోతుందా అని. బొమ్మకి టేపు కొలత తెలియదు. ఏ సైజు డ్రెస్ అయినా ప్రివ్యూలో చక్కగా పట్టేస్తుంది. పొట్ట చుట్టుకొలత తీసుకోమన్నాను, 104 సెంటీమీటర్లు. నిట్ డ్రెస్‌ని నేలమీద పరిచి అదే చోట కొలిస్తే అడ్డం 49, అంటే చుట్టూ 98. సాగే బట్ట కాబట్టి ఆరు శాతం సాగి ఇప్పటికి పడుతుంది, కానీ నెల తర్వాత బిగుతవుతుంది. ఆమె ఒక సైజు పెద్దది తీసుకుంది. ఇప్పుడు ప్రివ్యూ పక్కనే ఈ రెండు కొలతలూ కనపడేలా పెడుతున్నాం.

డ్రెస్ వచ్చాక అదే గోడ ముందు, అదే దూరం నుంచి ఫొటో తీసి పంపింది. అప్పటికి రెండు వారాలు గడిచాయి, పొట్ట కొంచెం పెరిగింది కాబట్టి అంకెలు పోల్చలేదు. చారలు మాత్రం చూశాను. నా బొమ్మలో కన్నా అసలు డ్రెస్ మీద అవి పొట్ట కింద ఇంకా దగ్గరగా చేరాయి, అక్కడ బట్ట లోపలికి తిరుగుతుంది కాబట్టి. డెప్త్ మ్యాప్‌లో పొట్ట కింది భాగం నీడలో ఉండి సరిగా పడలేదు. ఇప్పుడు ఫొటో అడిగేటప్పుడు, కాళ్ల ముందు తెల్ల కాగితమో దుప్పటో నేలమీద పరుచుకుని నిలబడమంటున్నాను. కింద నుంచి వెలుతురు తిరిగొచ్చి ఆ భాగం కనపడుతుంది.

పని పూర్తయిన రోజే ఆమె ఫొటోలు, డెప్త్ మ్యాపులు, మాస్కులు అన్నీ తొలగించాం. మా దగ్గర మిగిలినవి ఈ అంకెలే.